ఎడమ చేత్తో రాసిన చీటీ

నేను పిరికిదాన్ని. బల్లిని చూస్తే కేకలు పెట్టే రకం పిరికితనం కాదు నాది. ఫోన్ రెండుసార్లు మోగి ఆగిపోతే చాలు, ఆ మధ్యలో ఎవరో పోయి ఉంటారని అనుకునే రకం. ఇలాంటి మనిషికి ఒక బడిలో కౌన్సెలర్ ఉద్యోగం ఇచ్చి, పిల్లలకు మత్తు పదార్థాల గురించి చెప్పమంటే ఏం చేస్తుంది? తనకు తెలిసిన ఒకే ఒక్క విద్యను వాళ్లకు పంచుతుంది. ఏళ్ల తరబడి నేను చేసింది అదే.

మా బడి తెల్లాపూర్ వెళ్లే దారిలో ఉంది. చుట్టూ ముప్పై అంతస్తుల టవర్లు, గేటు దగ్గర సెక్యూరిటీ, లోపల ఈతకొలను ఉన్న కాలనీలు. పిల్లల తల్లిదండ్రుల్లో చాలామంది గచ్చిబౌలి, మాదాపూర్ కంపెనీల్లో పనిచేసేవాళ్లే. మా ఆయనా అంతే. మాది కర్నూలు వైపు. పెళ్లయ్యాక కొండాపూర్‌లో స్థిరపడ్డాం. మా అమ్మాయి కూడా నేను పనిచేసే బడిలోనే చదువుతోంది. పొద్దున ఒకే బస్సులో వెళ్లి సాయంత్రం ఒకే బస్సులో వస్తాం. ఇద్దరం ఒకే చోట ఉంటాం కాబట్టి దాని సంగతులన్నీ నాకు తెలుసని నమ్మేదాన్ని. బస్సులో అది నాకు నాలుగు సీట్లు వెనక, ఎప్పుడూ కిటికీ వైపు తిరిగి కూర్చునేది. ఆ సంగతి నేను పట్టించుకోలేదు.

ఏటా జూన్‌లో బడి తెరవగానే మత్తు వ్యతిరేక వారం చేస్తాం. ఎనిమిది నుంచి పదో తరగతి వరకు పిల్లలందర్నీ ఆడిటోరియంలో కూర్చోబెట్టి నేను స్లైడ్లు చూపిస్తాను. నల్లబడిన ఊపిరితిత్తులు, ఊడిపోయిన పళ్లు, బేడీలు వేసిన చేతులు, జైలు ఊచలు. చివరి స్లైడులో స్ట్రెచర్ మీద తెల్లగుడ్డ కప్పిన శరీరం, కింద పెద్ద అక్షరాలతో "ఒక్కసారి చాలు" అని. ఆ స్లైడు దగ్గర కాసేపు ఆగి, వేలెత్తి, గొంతు తగ్గించి మాట్లాడేదాన్ని. ఆ తగ్గించడం నేను అద్దం ముందు ప్రాక్టీసు చేసుకున్నదే. సిగ్గు లేకుండా ఒప్పుకుంటున్నాను.

ఆ తర్వాత ప్రతిజ్ఞ. అందరూ చెయ్యి ముందుకు చాచి చెప్పాలి. ఆపైన ఇంటికి ఒక హామీపత్రం వెళ్తుంది. పిల్లలూ తల్లిదండ్రులూ సంతకం పెట్టి పంపాలి. "మత్తు పదార్థం వాడినా, దగ్గర ఉంచుకున్నా టీసీ ఇచ్చి పంపేస్తాం" అని అందులో ఉండేది. ఆ ఏడాది మా ప్రిన్సిపాల్ నన్ను గదిలోకి పిలిచారు. ఆవిడది గుంటూరు వైపు. మెత్తగా మాట్లాడతారు గానీ మాట వెనక ఒత్తిడి ఉంటుంది.

"మేడమ్ గారూ, ఈసారి ఇంకొంచెం గట్టిగా ఉండాలండి. పక్క కాలనీలో పిల్లలు దొరికారంటండి. పేరెంట్స్ అందరూ అదే అడుగుతున్నారు, మీరేం చేస్తున్నారని."

నేను గట్టిగానే ఆలోచించాను. ఆ కాగితంలో నా సొంత తెలివితో ఒక ముక్క చేర్చాను: "వాడినవారి పక్కన ఉన్నా." పక్కన ఉన్నవాళ్లకు కూడా శిక్ష పడుతుందంటే చెడు స్నేహాలకు దూరంగా ఉంటారని నా లెక్క. ప్రిన్సిపాల్ మెచ్చుకున్నారు. మా అమ్మాయి తన కాగితం తెచ్చి నా ముందు పెడితే, అమ్మ సంతకం చేయాల్సిన చోట నేనే సంతకం పెట్టాను. అప్పుడది తొమ్మిదో తరగతి.

ఏటా ఆడిటోరియం సమావేశంలో ఒక ప్రశ్నల పెట్టె పెట్టేదాన్ని. అట్టపెట్టెకు రంగు కాగితం అంటించి, పైన కన్నం పెట్టింది. పేరు రాయనక్కర్లేదు, ఏమైనా అడగొచ్చు. చాలా చీటీల్లో అల్లరే ఉండేది. "కాఫీ కూడా డ్రగ్గేనా మేడమ్" లాంటివి. ఆ ఏడాది సమావేశం చివర్లో ఒక చీటీ చేతికొచ్చింది. నోటుబుక్కు నుంచి చింపిన కాగితం. అక్షరాలు వంకరటింకరగా, ఒకటో తరగతి పిల్లలు పలక మీద దిద్దినట్టు ఉన్నాయి. మైకులో చదివేశాను.

"ఫ్రెండ్ ఏదో మాత్ర వేసుకుంది. ఎంత లేపినా లేవట్లేదు. అప్పుడు ఎవరికి చెప్పాలి? చెబితే మేం కూడా ఇరుక్కుంటామా?"

నాకు లోపల గుండె ఝల్లుమంది. ఝల్లుమన్నప్పుడు నేను చేసే పని ఒకటే, ఎదుటివాళ్లకు కూడా ఝల్లుమనేలా చేయడం. "మంచి పిల్లలకు ఇలాంటి పరిస్థితే రాదు," అన్నాను. "వచ్చిందంటే పోలీసులు వస్తారు. వాడినవాళ్లదే కాదు, పక్కన కూర్చున్నవాళ్ల జీవితం కూడా అయిపోయినట్టే. అందుకే అలాంటివాళ్లకు దూరంగా ఉండండి." వేలెత్తాను. గొంతు తగ్గించాను. ఎవరూ కిక్కురుమనలేదు. ఆ నిశ్శబ్దం చూసి మురిసిపోయాను. పాఠం బాగా ఎక్కిందనుకున్నాను.

ఎవరికి చెప్పాలన్న ప్రశ్నకు నేను జవాబు చెప్పలేదని నాకు తట్టనే లేదు.

మర్నాడు నేనొక తప్పుడు పని చేశాను. పేరు రాయనక్కర్లేదని చెప్పిన నేనే, ఆ చీటీని పట్టుకుని పిల్లల నోటుబుక్కులతో చేతిరాత పోల్చి చూశాను. ఏ రాతతోనూ కలవలేదు. ఇంటికొచ్చాక మా అమ్మాయి బ్యాగు వెతికాను. దాని చున్నీ వాసన చూశాను. ఎందుకైనా మంచిదని. అది గుమ్మంలో నిలబడి చూసింది. "సాక్సులు వెతుకుతున్నా" అన్నాను. అది సరేనని వెళ్లిపోయింది.

మూడు వారాల తర్వాత ఒక శనివారం, బడి ఒంటిపూట. మా అమ్మాయి, మరో ఇద్దరు సైన్సు ప్రాజెక్టు చేసుకోవడానికి తెల్లాపూర్‌లోనే ఒక స్నేహితురాలి ఇంటికి వెళ్లారు. పద్నాలుగో అంతస్తు. ఆ పిల్ల తల్లిదండ్రులిద్దరూ ఆఫీసులో ఉన్నారు. నాలుగున్నరకు, నేనింకా బడిలోనే ఉండగా ఫోన్ వచ్చింది. తెలియని నంబరు. అవతల ఆ కాలనీ సెక్యూరిటీ మనిషి.

"మేడమ్, మీ పాప ఈడనే ఉన్నది. ఫికర్ చెయ్యకున్రి. ఆమెకేం కాలే. ఇంకో పాపను అంబులెన్సుల తీస్కపోయిన్రు."

భయం వస్తే నా నోట్లోంచి కర్నూలు మాట వచ్చేస్తుంది. "యాడికి? ఏ ఆస్పత్రికి? మా పాపకియ్యి ఫోను, మా పాపకియ్యి" అని అరిచాను. ఫోన్ చేతులు మారింది. అవతల నుంచి ఏడుపు తప్ప మాట రాలేదు.

ఏం జరిగిందో తర్వాత ముక్కలు ముక్కలుగా తెలిసింది. ఆ ఇంటి పిల్ల కొన్నాళ్లుగా రాత్రిళ్లు నిద్ర పట్టక, నానమ్మ వాడే నిద్రమాత్రలు తీసి వేసుకుంటోంది. పరీక్షల దిగులు, ఇంట్లో మాటలు, ఇంకేవేవో. ఆరోజు వాళ్ల నాన్న అలమారాలోని మద్యం కూల్‌డ్రింకులో కలుపుకుని తాగింది. ఆరోజు కూడా అంతకుముందే మాత్రలు మింగిందని మిగతావాళ్లకు తెలియదు. రెండూ కలిస్తే ఊపిరి నెమ్మదిస్తుందని, ఆగిపోవచ్చు కూడా అని వాళ్లకు అసలే తెలియదు. నా స్లైడ్లలో నల్ల ఊపిరితిత్తులు ఉన్నాయి గానీ ఆ ఒక్క ముక్క లేదు.

ఆ పిల్ల సోఫాలో ఒరిగిపోయింది. గురక పెట్టింది. నిద్రపోతోందనుకున్నారు. తర్వాత లేపితే లేవలేదు. అప్పుడు ఆ ముగ్గురు ఆడపిల్లలు ఏం చేశారంటే, ముందు తలుపు గడియ పెట్టారు. మొహాన నీళ్లు కొట్టారు. మత్తు దిగుతుందని నిమ్మరసం కలిపి నోట్లో పోశారు. గ్లాసులు కడిగి తుడిచి పెట్టారు. గ్రూపులో మెసేజ్‌లు చెరిపేశారు. ఆమె తల్లికి గానీ, నాకు గానీ, అంబులెన్సుకు గానీ ఫోన్ చేయలేదు. దాదాపు ముప్పావుగంట అలా గడిపారు. పక్కనే మూడు ఫోన్లు ఉన్నాయి.

సాయంత్రం వంటకు వచ్చిన ఆవిడ బెల్లు కొట్టీ కొట్టీ, తలుపు తీయకపోయేసరికి గట్టిగా బాదింది. తీశాక ఆ పిల్ల పెదాలు చూసింది, నీలంగా ఉన్నాయి. ఆవిడ ఎవర్నీ ఏమీ అడగలేదు. ఇంటర్‌కామ్ ఎత్తి కింద గేటుకు చెప్పింది. పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టింది. ఎక్కడ నేర్చుకుందని తర్వాత అడిగితే, "తాగి పడ్డోళ్లను మా బస్తీల గట్లనే పండవెడ్తరు మేడమ్, కక్కుడైతే గొంతుల పోకుంట" అంది. డిగ్రీలు చదివి నేను చెప్పని మాట అది.

నేను ఆస్పత్రికి వెళ్లేసరికి ఆ పిల్లను లోపలికి తీసుకెళ్లారు. తల్లి నేల మీద కూర్చుని ఉంది, ఆఫీసు ఐడీ కార్డు ఇంకా మెడలోనే వేలాడుతోంది. డాక్టరు బయటికి వచ్చి, ఊపిరి తగినంత తీసుకోవడం లేదు కాబట్టి గొంతులో గొట్టం వేసి మిషన్ పెట్టామని చెప్పారు. స్పృహ లేని మనిషి నోట్లో ఏదీ పోయకూడదు, నిమ్మరసం ఊపిరితిత్తుల్లోకి పోయింది, ఇన్ఫెక్షన్ వచ్చేలా ఉంది, రాత్రి గడవాలి అన్నారు. ఇంకొంచెం ముందు తెచ్చి ఉంటే బాగుండేదన్నారు. ఆ మాట మామూలుగానే అన్నారు. మా అమ్మాయి నా పక్కనే నిలబడి వింటోంది.

ఇలాంటి కేసులను ఆస్పత్రివాళ్లు పోలీసులకు తెలియజేయాలి. ఒక కానిస్టేబుల్ వచ్చాడు. మా పిల్లలు ముగ్గురూ గోడకు అతుక్కుపోయారు. అతను తల్లిని నాలుగు ప్రశ్నలు అడిగాడు, పిల్లల్ని వాళ్ల తల్లుల ముందే ఏం తిన్నారు, ఎప్పుడు అని అడిగి రాసుకున్నాడు. మందు సీసా ఎవరిదని తండ్రిని అడిగాడు. చివరికి మా అమ్మాయిని చూసి "భయపడకు బిడ్డా, నువ్వేం నేరం చెయ్యలే" అని వెళ్లిపోయాడు. బేడీలు లేవు, ఊచలు లేవు. ఎవరి జీవితమూ పోలీసుల వల్ల అయిపోలేదు. అయిపోయి ఉంటే లోపల మిషన్ మీద ఉన్న పిల్ల జీవితమే అయిపోయేది, మేమంతా పోలీసులకు భయపడినందువల్ల.

తెల్లవారితే ఆదివారం. ఆస్పత్రి క్యాంటీన్లో నేనూ మా అమ్మాయీ ఎదురెదురుగా కూర్చున్నాం. ఇడ్లీలు చల్లారిపోయాయి. నాకు కోపం పొంగుకొచ్చింది. భయం తీరీ తీరకముందే నాకు కోపం వస్తుంది, అది నా పాత జబ్బు.

"నేను నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్నా. నాకొక్క ఫోన్ చేయడానికి నీకేమైంది? కన్నతల్లిని కదా. అందులోనూ నా ఉద్యోగమే ఇది కదా."

అది ఇడ్లీ ప్లేటు పక్కకు జరిపింది. "నేను అడిగాను కదమ్మా" అంది.

"ఏమడిగావు? ఎప్పుడు?"

"పెట్టెలో వేశాను. నా రాత నువ్వు గుర్తుపడతావని ఎడమ చేత్తో రాశా. మా ఫ్రెండ్‌కి అంతకుముందు కూడా ఒకసారి ఇలాగే అయింది, చాలాసేపు లేవలేదు. అప్పుడు లేచింది. మళ్లీ అయితే ఏం చేయాలో తెలియక అడిగాను. నువ్వు జవాబు చెప్పావు. పక్కన కూర్చున్నవాళ్ల జీవితం కూడా అయిపోతుందని. నువ్వు చెప్పిందే నమ్మాం."

ఎంతమంది పిల్లల రాతలతోనో పోల్చి చూశాను కదా, పొద్దున్నే నా పక్కన నిలబడి పళ్లు తోముకునే పిల్ల ఎడమ చెయ్యి గురించి ఆలోచించలేదు. తొమ్మిదేళ్లప్పుడు కుడిచేతికి కట్టు కట్టినప్పుడు అది ఎడమ చేత్తో రాయడం నేర్చుకుంది. నేర్పింది నేనే.

ఆ పిల్ల బతికింది. రెండు రోజుల తర్వాత గొట్టం తీశారు. ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ తగ్గడానికి ఇంకా రెండు వారాలు పట్టింది. నేను చూడటానికి వెళ్తే గొంతు బొంగురుపోయి, "సారీ మేడమ్" అంది. ఆ పిల్ల నాకు సారీ చెప్పడం నేను భరించలేకపోయాను. నీకు నిద్ర పట్టని సంగతి నాకెందుకు చెప్పలేదని అడగబోయి ఆగిపోయాను. చెబితే ఏం చేసి ఉండేదాన్నో నాకు తెలుసు. హామీపత్రం తీసి చూపించేదాన్ని.

తర్వాతి వారాల్లో నా స్లైడ్లను ఒక్కొక్కటే ముందు వేసుకుని చూశాను. నేనెందుకు నమ్మాను వీటిని? భయపెడితే పిల్లలు దూరంగా ఉంటారని. కానీ కళ్ల ముందు నల్ల ఊపిరితిత్తులు పెట్టి, "ఒక్కసారి చాలు, చస్తారు" అంటే, అంతకుముందే ఒకసారి తాగి చావని స్నేహితుణ్ణి చూసిన పిల్లవాడు ఏమనుకుంటాడు? ఈవిడ అబద్ధం చెబుతోంది అనుకుంటాడు. ఇక నేను చెప్పే నిజాలు కూడా అందులోనే కలిసిపోతాయి. అసలే భయం ఎక్కువున్న పిల్ల మరింత లోపలికి ముడుచుకుంటుంది. భయం అంటే సరదా ఉన్న పిల్లకు అదే ఒక పందెంలా కనిపిస్తుంది. పైగా నా మాటలు విన్నాక మా అమ్మాయి క్లాసులో చాలామంది, తాము తప్ప అందరూ ఏదో ఒకటి వాడుతున్నారని అనుకున్నారట. నిజానికి వాళ్లలో ఎక్కువమంది ముట్టుకోనే లేదు. ఆ సంగతి ఒక్కసారి కూడా వాళ్లకు చెప్పలేదు నేను. వేలెత్తిన నా బొమ్మకు "జీవితం ఖతం" అని రాసి పిల్లలు స్టిక్కర్ చేసుకున్నారు. వాట్సాప్‌లో ఒకళ్లు హోంవర్కు మర్చిపోతే ఇంకొకళ్లు అది పంపేవాళ్లట. మా అమ్మాయి ఫోనులోనూ ఉంది. నాకు చూపించి నవ్వమంది. నవ్వాను.

ఈ మాటలన్నీ మా బస్సు ఆయమ్మ రెండు ముక్కల్లో చెప్పేసింది. ఆమెది బోరబండ. మధ్యాహ్నం నా గదిలో కూర్చుని డబ్బా తింటుంది. నేను స్లైడ్లు చూపిస్తే, చెయ్యి కడుక్కుని వచ్చి చూసింది.

"ఏంది మేడమ్, గిన్ని పెట్టినవ్. మా తమ్మునికి గూడ గిట్లనే చెప్పినం. తాగితే సస్తవ్, సస్తవ్ అని. ఆడు తాగిండు, సావలే. ఆని దోస్తులు గూడ సావలే. ఇగ మేం చెప్పేటియన్నీ అబద్ధాలే అనుకున్నడు. కొట్టినం, గదిల పెట్టి తాళం ఏసినం. గట్లనైతే ఇంట్ల తాగుడు మానిండు, బయట తాగుడు శురూ చేసిండు."

"మరి ఇప్పుడెలా ఉన్నాడు?"

"ఇప్పుడు దవాఖానకు పోతుండు. మా అమ్మ తిట్టుడు బందు వెట్టినంక, ఆడే అడిగిండు తీస్కపొమ్మని. మల్ల తాగుతడేమో, ఏం తెల్వదు." గిన్నె మూత పెడుతూ అంది. "పరేషాన్ గాకు. నీ బిడ్డ నీకు చెప్పింది గద, ఆలస్యమైనా."

బడి యాజమాన్యం సమావేశం పెట్టింది. నలుగురికీ టీసీ ఇవ్వాలని మాట. అందులో మా అమ్మాయి కూడా ఉంది కాబట్టి నన్ను బయట కూర్చోమన్నారు. నేను కూర్చోలేదు. లోపలికి వెళ్లి ఆ చీటీ టేబుల్ మీద పెట్టాను. ఆరోజు నేనేం జవాబు చెప్పానో చెప్పాను. హామీపత్రంలో "పక్కన ఉన్నా" అన్న ముక్క నాదేనని చెప్పాను. ఆ ముక్క వల్లే వాళ్లు తలుపు గడియ పెట్టుకున్నారని చెప్పాను. నా గొంతు వణికింది. ఈసారి ప్రాక్టీసు చేసింది కాదు.

ప్రిన్సిపాల్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఆ ముక్క తీసేద్దామండి. కానీ ఇది బయటికి పోతే మన బడి పరువు?" అన్నారు. చివరికి ముగ్గురినీ ఉంచారు. నాలుగో పిల్లను కూడా ఉంచుతామన్నారు గానీ, వాళ్ల అమ్మానాన్నలే కూకట్‌పల్లిలో ఇల్లు తీసుకుని అక్కడే వేరే బడిలో చేర్చారు. అందరూ చూసే చూపు భరించలేమన్నారు. వాళ్లను తప్పుపట్టలేను.

ఇప్పుడు ఆడిటోరియం లేదు. ఒక్కో క్లాసులో పదిహేను మందిని కూర్చోబెట్టి, ఏడాదిలో ఎన్నోసార్లు కలుస్తాను. ఎవరైనా బలవంతపెడితే స్నేహం చెడకుండా ఎలా వద్దనాలో వాళ్ల మాటల్లోనే అనిపించి చూస్తాం. మొదట సిగ్గుపడతారు, తర్వాత నన్ను బలవంతపెట్టే స్నేహితురాలి వేషం వేయమంటారు. ఏది ఏం చేస్తుందో ఉన్నదున్నట్టు చెబుతాను, పెంచి చెప్పను, తగ్గించి చెప్పను. నిద్రమాత్రలు, మందు కలిస్తే ఏమవుతుందో చెబుతాను. నిద్ర పట్టకపోతే, దిగులుగా ఉంటే నా గదికి రమ్మంటాను. మనిషి లేవకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టడం నేల మీద చాప వేసి ఒకరి మీద ఒకరు ప్రాక్టీసు చేస్తారు. నోట్లో ఏమీ పోయకూడదు, ఒంటరిగా వదలకూడదు, 108కి చేసి ఏం మింగిందో దాచకుండా చెప్పాలి. ఆ ఫోన్ మాటలు కూడా గట్టిగా పలికిస్తాను. పోలీసులు వస్తారా అని అడుగుతారు. రావచ్చు, అడగొచ్చు, నేను మీ పక్కనే నిలబడతాను అంటాను.

కొందరు తల్లిదండ్రులు కోప్పడ్డారు. "పిల్లలకు దారి మీరే చూపిస్తున్నారండి" అన్నారు ఒకాయన. ఆయన మొహంలో నా మొహమే కనిపించింది. ఇదంతా చేస్తే ఏ పిల్లకూ ఏమీ కాదని నేను హామీ ఇవ్వలేను. హామీపత్రాలు రాయడం మానేశాను కదా. ప్రతి క్లాసు అయ్యాక, ఎక్కడైనా ఒక మాట తప్పు చెప్పానేమో, ఎవరి చీటీకైనా జవాబు చెప్పకుండా వదిలేశానేమో అని మళ్లీ మళ్లీ తలుచుకుంటాను. నా భయం పోలేదు. పిల్లల నెత్తిన పెట్టకుండా నేనే మోసుకుంటున్నాను, అంతే.

మొన్నటి ఆదివారం మధ్యాహ్నం ఫోన్ మోగింది. మా అమ్మాయి. ఇప్పుడది పదో తరగతి. కేపీహెచ్‌బీలో ఎవరిదో పుట్టినరోజని వెళ్లింది. ఎత్తగానే అవతల పాటల హోరు, తర్వాత తలుపు వేసిన చప్పుడు.

"అమ్మా. నేను తాగాను. తెలియక కాదు, తెలిసే. కొంచెమే. తల తిరుగుతోంది."

నేను వంటింట్లో ఉన్నాను. నా స్లైడ్లన్నీ ఒక్కసారిగా కళ్ల ముందుకు వచ్చాయి. నల్ల ఊపిరితిత్తులు, తెల్లగుడ్డ, పద్నాలుగో అంతస్తు సోఫా. అరవడానికి నోరు తెరిచాను. యాడికి పోయినావు, ఎవరితో పోయినావు, నీకెంత ధైర్యం. మాటలన్నీ పళ్ల వెనకే ఉన్నాయి. అంతలో అది గొంతు తగ్గించి ఇంకో మాట అడిగింది.

"నీకు చెబితే బడికి చెప్పినట్టేనా? నేను ఇరుక్కుంటానా?"

అదే ప్రశ్న. ఈసారి దాని సొంత గొంతుతో.

"లేదు," అన్నాను. "నాకు చెప్పినట్టు. మాత్రలేమైనా వేసుకున్నావా? అక్కడ ఎవరైనా లేవకుండా పడి ఉన్నారా?"

"లేదమ్మా. అందరూ బాగానే ఉన్నారు."

"సరే. కూర్చో, కొంచెం నీళ్లు తాగు. ఫోన్ కట్ చేయకు. నీ ఊపిరి నాకు వినిపిస్తుండాలి."

మా ఆయన అప్పటికే తాళాలు తీసుకున్నాడు. కారు జేఎన్టీయూ కూడలి దగ్గర ఆగిపోయింది, ముందంతా బండ్లు. ఫోన్ చెవికి అదిమిపెట్టుకుని కూర్చున్నాను. దాని ఊపిరి వస్తూ పోతూ వినిపిస్తోంది. లెక్కపెట్టడం మొదలుపెట్టాను. కాసేపటికి అవతల నుంచి, "అమ్మా, ఉన్నావా?" అంది.

"ఉన్నా" అన్నాను.